రెండు దగ్గరే ఎందుకు ఆగింది?

x ధన సంఖ్య. x + 1/x కనిష్ఠ విలువ ఎంత? ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లను ఎవరిని అడిగినా ఆలోచించకుండా 2 అంటారు. మంచిదే. ఇప్పుడు x + 4/x² కనిష్ఠ విలువ అడగండి, x ధన సంఖ్యే. పెన్ను పాత అలవాటు కొద్దీ పాత దారినే పరుగెడుతుంది. ఏదో ఒక జవాబు వస్తుంది. ఆప్షన్లలో వెతికితే అది కనబడుతుంది కూడా! దాంతో ఇక అనుమానమే రాదు. ప్రశ్నపత్రం రాసేవాళ్లకు మీ పెన్ను ఏ దారిన పోతుందో ముందే తెలుసు మరి.

ఎప్‌సెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు కాబట్టి పోయేది ఆ ఒక్క మార్కే. జేఈఈ మెయిన్‌లో అయితే రావలసిన నాలుగూ పోయి, పైగా ఒకటి కోతపడుతుంది. అందుకే ఈ అధ్యాయంలో x + 1/x అనే చిన్న రాశినే పట్టుకుని కూర్చుందాం. 2 ఎలా వచ్చిందో సరిగ్గా తెలిస్తే, ఏ చోట 2 రాదో కూడా తెలుస్తుంది.

ముందు కొన్ని విలువలు వేసి చూడండి

సూత్రం తర్వాత. ముందు x స్థానంలో 4 పెట్టండి: 4.25. 2 పెట్టండి: 2.5. 1 పెడితే 2. ఇంకా తగ్గించి 1/2 పెట్టండి, మళ్లీ 2.5. 1/4 పెడితే మళ్లీ 4.25. ఏం గమనించారు? x పెరిగితే 1/x తగ్గుతోంది, x తగ్గితే 1/x పెరుగుతోంది. రెండూ ఒకేసారి చిన్నవి కావడం కుదరదు, ఎందుకంటే వాటి లబ్ధం ఎప్పుడూ 1. ఒకటి ఎన్ని రెట్లు తగ్గితే రెండోది అన్ని రెట్లు పెరిగి తీరాలి. అవి రెండూ సమానమైన చోట, అంటే x = 1 దగ్గర, మొత్తం అన్నిటికంటే తక్కువగా ఉంది.

దీన్నే అంకమధ్యమం, గుణమధ్యమాల అసమానత ఒక్క వరుసలో చెబుతుంది. రెండు ధన సంఖ్యల అంకమధ్యమం వాటి గుణమధ్యమం కంటే ఎప్పుడూ తక్కువ కాదు. మన రెండు సంఖ్యలు x, 1/x కాబట్టి:

(x + 1/x)/2 ≥ √(x · 1/x) = 1

అంటే x + 1/x ≥ 2. ఇది ఎందుకు నిజమో గుర్తుపెట్టుకోవడానికి ఒక వర్గం చాలు. (√x − 1/√x)² విస్తరిస్తే x − 2 + 1/x వస్తుంది. వర్గం రుణాత్మకం కాదు. అయిపోయింది.

అయిపోయిందా? నిజానికి సగమే అయింది. చాలామంది ఇక్కడే పెన్ను మూత పెట్టేస్తారు.

x + 1/x ≥ 2 అన్నది నిజమే. x + 1/x ≥ 1 అన్నదీ నిజమే కదా? x + 1/x ≥ −50 కూడా నిజమే. మరి కనిష్ఠ విలువ −50 అని ఎందుకు రాయం? ఆ విలువను x + 1/x ఎక్కడా అందుకోదు కాబట్టి. ఇంతకంటే కిందికి పోదు అని చెప్పడం ఒక పని, అక్కడిదాకా వస్తుంది అని చూపించడం వేరే పని. 2 విషయంలో రెండో పని చేసిపెట్టేది x = 1. అక్కడ 1 + 1 = 2. ఈ ఒక్క వరుస రాశాకే 2 కనిష్ఠ విలువ అవుతుంది. అంతవరకూ అది ఒక దిగువ హద్దు మాత్రమే.

పెన్ను పెట్టే ముందు మూడు ప్రశ్నలు

ఈ అసమానతను ఎక్కడ వాడబోయినా ఈ మూడూ మిమ్మల్ని మీరే అడగండి.

1. పదాలన్నీ ధనాత్మకమేనా?
2. గుణిస్తే x పూర్తిగా ఎగిరిపోయిందా?
3. పదాలు సమానమయ్యే x, ప్రశ్న అనుమతించిన పరిధిలో ఉందా?

మొదటిదానికి కాదు అని జవాబు వస్తే సూత్రం వాడే హక్కే లేదు. రెండోది కుదరకపోతే వచ్చినది స్థిరమైన హద్దు కాదు. మూడోది కుదరకపోతే హద్దు నిజమే, కానీ కనిష్ఠ విలువ అది కాదు. ఒక్కొక్కటీ ఎలా దెబ్బతీస్తుందో చూద్దాం.

మొదటి ప్రశ్న: గుర్తు చూశారా?

ప్రశ్నలో "x ధన సంఖ్య" అనే మాట తీసేసి "x సున్న కాని వాస్తవ సంఖ్య" అని మార్చితే చాలు, కథ మారిపోతుంది. x = −1 పెట్టండి, −2 వస్తుంది. x = −100 పెట్టండి, −100.01 వస్తుంది. కనిష్ఠ విలువ అంటూ ఏదీ లేదు, ఎంత కిందికైనా పోతుంది.

మరి రుణ సంఖ్యలకు ఈ సూత్రం పనికిరాదా? గుర్తు మార్చి వాడుకోవచ్చు. x = −t అనుకోండి, t ధన సంఖ్య. అప్పుడు x + 1/x = −(t + 1/t). బ్రాకెట్లో ఉన్నది 2 కంటే తక్కువ కాదు కాబట్టి మొత్తం −2 కంటే ఎక్కువ కాదు. అంటే రుణ సంఖ్యల వైపు −2 అనేది గరిష్ఠ విలువ. "x + 1/x ఏయే విలువలు తీసుకోదు?" అని ప్రశ్న వస్తే ఇదే వాడాలి. −2కూ 2కూ మధ్య ఉన్న ఏ విలువా దానికి రాదు.

ఇది తేలిక ప్రశ్న. కంగారులో తప్ప ఎవరూ ఇక్కడ పడరు. అసలు గొయ్యి తర్వాతిది.

రెండో ప్రశ్న: x ఎగిరిపోయిందా?

మొదట్లో అడిగిన x + 4/x² దగ్గరికి వద్దాం. పాత దారిలో ఏం రాస్తాం?

x + 4/x² ≥ 2√(x · 4/x²) = 4/√x

ఈ వరుసలో తప్పు లేదు. కానీ కుడివైపు చూడండి, x ఇంకా అక్కడే కూర్చుని ఉంది. x మారితే ఆ హద్దూ మారుతుంది. నేల కూడా కదులుతుంటే దానికంటే ఎత్తు ఎంతో ఎలా చెబుతాం? అయినా కొందరు ఆగరు. "పదాలు సమానమైనప్పుడు కనిష్ఠం కదా" అని x = 4/x² రాస్తారు. x³ = 4, x సుమారు 1.587, మొత్తం సుమారు 3.17. చేతికో జవాబు వచ్చింది. ఇప్పుడు x = 2 పెట్టి చూడండి: 2 + 4/4 = 3. మీ "కనిష్ఠ విలువ" కంటే తక్కువ!

ఎక్కడ పొరపాటు జరిగింది? పదాలు సమానమైన చోట మొత్తం కనిష్ఠం అన్నది లబ్ధం స్థిరంగా ఉన్నప్పుడే చెల్లే మాట. x, 1/xల లబ్ధం 1 దగ్గర కదలకుండా ఉంది కాబట్టి అక్కడ చెల్లింది. ఇక్కడ లబ్ధం 4/x, అది కదులుతోంది.

మరి లబ్ధాన్ని కదలకుండా చేసేదెలా? హారంలో x రెండుసార్లు ఉంది. దాన్ని కొట్టేయాలంటే పైన కూడా x రెండుసార్లు రావాలి. ఉన్న ఒక్క xను రెండు ముక్కలు చేయండి:

x + 4/x² = x/2 + x/2 + 4/x²

ఇప్పుడు మూడు పదాలు. లబ్ధం (x/2)(x/2)(4/x²) = 1. x ఎగిరిపోయింది. అసమానత రెండు సంఖ్యలకే కాదు, ఎన్ని ధన సంఖ్యలకైనా వర్తిస్తుంది. అన్నిటికీ కలిపి నిరూపణ ఇచ్చినవాళ్లలో కోషీ ఒకడు, 1821లో అచ్చైన తన పుస్తకంలో. మూడు పదాలకు వాడితే మొత్తం ≥ 3 × (లబ్ధం ఘనమూలం) = 3. సమానత ఎప్పుడు? x/2 = 4/x² అయినప్పుడు, అంటే x³ = 8, x = 2. ఇందాక మనం పెట్టి చూసిన విలువే అది. కనిష్ఠ విలువ 3.

ఇక్కడ ఒక మంచి సందేహం రావాలి. xను సగం సగమే ఎందుకు చేయాలి? x/3, 2x/3 చేయకూడదా? లబ్ధం అప్పుడూ స్థిరమే కదా? చేసి చూడండి. లబ్ధం 8/9, హద్దు 3 × (8/9 ఘనమూలం), సుమారు 2.88. ఇది అబద్ధం కాదు, మొత్తం నిజంగానే 2.88 కంటే ఎక్కువే. కానీ అక్కడికి చేరాలంటే మూడు పదాలూ సమానం కావాలి, x/3 = 2x/3 కావాలి. ధన సంఖ్యకు అది జరిగే పని కాదు. ముక్కలు సమానంగా లేకపోతే అవి ఎన్నటికీ సమానం కావు, అంతే.

కాబట్టి ముక్కలు చేసేటప్పుడు రెండు పనులు ఒకేసారి జరగాలి:

- హారంలోని ఘాతం ఎంతో, పైన ఉన్న xను అన్ని ముక్కలు చేయాలి.
- ఆ ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి.

x + 1/x³ ఇస్తే? x/3 చొప్పున మూడు ముక్కలు, నాలుగోది 1/x³. మిగతాది మీరు చేసేయగలరు.

మూడో ప్రశ్న: ఆ x నాకు అందుబాటులో ఉందా?

ఇప్పుడు చూడబోయేది మారువేషంలో వచ్చే x + 1/x. నా లెక్కలో ఈ అధ్యాయం మొత్తానికీ ఇదే ముఖ్యమైన ఉదాహరణ.

(x² + 5)/√(x² + 4) కనిష్ఠ విలువ ఎంత? x ఏ వాస్తవ సంఖ్యయినా కావచ్చు.

లవంలో 5ను 4 + 1గా విడదీస్తే √(x² + 4) + 1/√(x² + 4) అవుతుంది. √(x² + 4)ను t అనుకోండి. t + 1/t! పదాలు ధనాత్మకం, మొదటి ప్రశ్న దాటాం. లబ్ధం 1, రెండోదీ దాటాం. జవాబు 2 అని ఆప్షన్ గుర్తించి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోదామా?

ఆగండి. 2 రావాలంటే t = 1 కావాలి. √(x² + 4) = 1 అంటే x² = −3. వాస్తవ సంఖ్యల్లో అలాంటి x లేదు. t ఎప్పుడూ 2 కంటే తక్కువ కాదు. అంటే పాత రాశే, కానీ మనల్ని t ≥ 2 అనే గీత ఇవతల నిలబెట్టారు.

మరి ఏం చేయాలి? ఒక ఉపయోగపడే సర్వసమీకరణం చెబుతాను:

t + 1/t − 2 = (t − 1)²/t

2 కంటే ఎంత పైన ఉన్నామో ఇది సూటిగా చెబుతుంది. t, 1 నుంచి కుడివైపుకు జరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతూనే పోతుంది. కాబట్టి t ≥ 2 అన్న చోట అన్నిటికంటే తక్కువ విలువ గీత మీదే, t = 2 దగ్గర ఉంటుంది: 2 + 1/2 = 5/2. t = 2 అంటే x = 0. మూల రాశిలో x = 0 పెట్టి చూసుకోండి, 5/√4 = 5/2. సరిపోయింది.

అసమానతతోనే సాధించాలని పట్టుదల ఉన్నవాళ్లకు దారి ఉంది. సమానత t = 2 దగ్గర రావాలని మనకిప్పుడు తెలుసు. t = 2 అయినప్పుడు 1/t = 1/2. tలో ఎంత భాగం 1/2కు సమానం? నాలుగో వంతు. అందుకని:

t + 1/t = (t/4 + 1/t) + 3t/4

బ్రాకెట్లోని రెంటి లబ్ధం 1/4 కాబట్టి వాటి మొత్తం 2 × 1/2 = 1 కంటే తక్కువ కాదు. మిగిలిన 3t/4 ఎంత? t ≥ 2 కాబట్టి 3/2 కంటే తక్కువ కాదు. కలిపితే 5/2. రెండు చోట్లా సమానత ఒకే విలువ దగ్గర, t = 2 దగ్గర వచ్చింది చూశారా? అలా ఒకే చోట రాకపోతే రెండు హద్దులను కూడి కనిష్ఠ విలువ అనడం చెల్లదు.

హాల్లో టైము తక్కువ ఉంటే ఏం చేయాలి? జవాబు రాగానే, ఆ జవాబు ఇచ్చే xను కనుక్కుని అసలు ప్రశ్నలో ప్రతిక్షేపించండి. మార్చుకున్న tలో కాదు, ప్రశ్నలో ఉన్న xలోనే. మూడో ప్రశ్న దగ్గర చూసిన తప్పు ఈ ఒక్క పనితో దొరికిపోతుంది. x + 4/x² దగ్గర మాత్రం అదనంగా పక్కనున్న ఒక విలువ కూడా వేసి చూడాలి, ఎందుకంటే 1.587 నిజంగానే 3.17 ఇస్తుంది, దానికంటే తక్కువ ఇచ్చేది ఇంకొకటుందని తెలియాలంటే 2 వేసి చూడాల్సిందే.

కొట్టులో ఇదే లెక్క

పరీక్ష వదిలేసి ఒక కిరాణా కొట్టుకు వెళ్దాం. ఏడాదికి 1200 బియ్యం బస్తాలు అమ్ముతారనుకోండి. మిల్లు నుంచి సరుకు వచ్చిన ప్రతిసారీ, ఎన్ని బస్తాలు వేసుకొచ్చినా, వ్యాన్ కిరాయి 1500 రూపాయలు. గోదాములో ఉన్న బస్తాకు ఏడాదికి 90 రూపాయల ఖర్చు, ఇరుక్కుపోయిన డబ్బుకు వడ్డీ, గోదాము అద్దె కలిపి. ఒక్కోసారి ఎన్ని బస్తాలు తెప్పిస్తే మేలు?

Q బస్తాల చొప్పున తెప్పిస్తే ఏడాదికి 1200/Q సార్లు వ్యాన్ తిరగాలి. కిరాయి 18,00,000/Q. సరుకు Q నుంచి మెల్లగా సున్నకు తగ్గుతుంది కాబట్టి సగటున గోదాములో ఉండేవి Q/2 బస్తాలు, వాటి ఖర్చు 45Q. మొత్తం:

18,00,000/Q + 45Q

మూడు ప్రశ్నలు అడగండి. ధనాత్మకమేనా? అవును. Q ఎగిరిపోయిందా? లబ్ధం 8,10,00,000, అందులో Q లేదు. దాని వర్గమూలం 9000 కాబట్టి మొత్తం 18,000 కంటే తక్కువ కాదు. సమానత 45Q = 9000 అయినప్పుడు, అంటే Q = 200. కిరాయి 9000, గోదాము 9000. ఏడాదికి ఆరుసార్లు తెప్పిస్తే సరిపోతుంది. ఈ లెక్కను వ్యాపారంలోకి తెచ్చినవాడు ఫోర్డ్ హ్యారిస్ అనే అమెరికన్ ఇంజనీరు, 1913లో. ఫ్యాక్టరీల్లో ఒక్కో విడతకు ఎన్ని భాగాలు తయారుచేయాలన్నది ఆయన ప్రశ్న.

ఇప్పుడు Q/200ను x అని పిలవండి. మొత్తం ఖర్చు 9000(x + 1/x) అయిపోతుంది. మన పాత రాశే! దాంతో కొట్టు యజమానికి అక్కరకొచ్చే సంగతి ఒకటి తేలుతుంది. ఆయన 200 బదులు 220 తెప్పించారనుకోండి. x = 1.1. (x − 1)²/x ప్రకారం తేడా 0.01/1.1, సుమారు 0.009. తొమ్మిది వేలతో గుణిస్తే సుమారు 82 రూపాయలు, అదీ ఏడాది మొత్తానికి. 300 తెప్పిస్తే 19,500, అంటే 1500 ఎక్కువ. 400 తెప్పించినా, 100 తెప్పించినా ఒకటే, 22,500. రెట్టింపు చేసినా సగం చేసినా నష్టం సమానమే, ఎందుకంటే x బదులు 1/x పెట్టినా రాశి మారదు. x = 1 దగ్గర x + 1/x గ్రాఫు బాగా చదునుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ నిటారవుతుంది. అందుకే 200 అని లెక్క తేలితే, ఆయన 190 అన్నా 210 అన్నా వాదించకండి. 50 అంటే మాత్రం కాగితం తీసి చూపించండి: కిరాయే 36,000.

మూడో ప్రశ్న ఇంకా అడగలేదు. ఆ వ్యాన్‌లో 150 బస్తాలకు మించి పట్టవనుకోండి. అప్పుడు 200 అందుబాటులో లేదు, మనం x ≤ 3/4 అనే గీత అవతల ఉన్నాం. ఆ వైపు x పెరిగేకొద్దీ ఖర్చు తగ్గుతుంది కాబట్టి గీత మీదే నిలబడాలి, Q = 150. కిరాయి 12,000, గోదాము 6,750, మొత్తం 18,750. రెండు ఖర్చులూ సమానం కాలేదు, అయినా ఆ వ్యాన్‌తో దీనికంటే తక్కువకు కుదరదు. పెద్ద వ్యాన్ మాట్లాడుకుంటే ఏడాదికి 750 మిగులుతుంది. దాని కిరాయి కూడా 1500 అయితేనే సుమా. ఎక్కువైతే 18,00,000 మారుతుంది, లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి.